అందరి ముందు అరిచాను, తప్పు నాదని తరువాత తెలిసింది. క్షమాపణ ఎలా చెప్పాలి?

పెన్నా ఒడ్డు (సోమవారం, రాత్రి 9:40)

నెల్లూరు నుంచి కావలి వెళ్లే జాతీయ రహదారి పక్కన ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నేను ఉత్పత్తి మేనేజరును. శనివారం జరిగినది మొదటి నుంచి చెబుతాను. నిడివి ఎక్కువైతే మన్నించండి.

ఆ రోజు మాకు వచ్చిన ఆర్డరు వలిచిన రొయ్య, 26/30 కౌంటు. ఒక పౌండు, అంటే 454 గ్రాములు తూస్తే అందులో 26 నుంచి 30 రొయ్యలు ఉండాలి. రాత్రికి చెన్నై రేవుకు కంటైనరు బయలుదేరాలి. మధ్యాహ్నం మూడు గంటలకు నాణ్యత విభాగం అమ్మాయి నమూనా తూచి 33 వస్తున్నాయని చెప్పింది. మళ్లీ తూస్తే 34. అప్పటికి 640 కిలోలు వలిచేశారు.

నేరుగా గ్రేడింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లాను. ఆ హాలులో నలభై మంది ఆడవాళ్లు ఉన్నారు. టేబుల్ చూసే ఆమె పద్నాలుగేళ్లుగా అక్కడే పని చేస్తోంది, అందరూ పెద్దక్క అని పిలుస్తారు. వయసులో నాకంటే పెద్దది. "కళ్లు ఎక్కడ పెట్టుకుని పని చేస్తున్నారు? పద్నాలుగేళ్లలో నేర్చుకున్నది ఇదేనా? రేపటి నుంచి రావద్దు" అని అరిచాను. చేతిలోని నమూనా ట్రేను టేబుల్ మీద విసిరికొట్టాను. రొయ్యలు ఎగిరి ఆమె ఆప్రాన్ మీద పడ్డాయి. ఆమె ఒక్క మాటే అంది: "బోర్డు మీద ఉన్నట్టే చేశాం సార్." ఎదురు మాట్లాడవద్దన్నాను. వలిచేవాళ్లవైపు తిరిగి, ఈ లాటుకు కూలి కట్ చేస్తానని కూడా అన్నాను.

రాత్రి ఏడు గంటలకు, హాలు కడిగేసిన తరువాత, బోర్డు దగ్గర నిలబడి చూశాను. నా చేతిరాతే. "26/30" అని మాత్రమే ఉంది. వలిచిన తరువాత అన్న మాట లేదు. ఈ నెలంతా మాకు తల తీసి పొట్టుతో పంపే ఆర్డర్లే వచ్చాయి. వాళ్లు అదే లెక్కన పొట్టుతో ఉన్నప్పుడే 26/30 వేరు చేశారు. పదహారు గ్రాముల రొయ్య పొట్టుతో తూస్తే పౌండుకు 28 వస్తుంది, అది సరైనదే. పొట్టు తీస్తే బరువులో ఏడో వంతు పోతుంది. అప్పుడు పౌండుకు 33. నాకు కావలసిన కౌంటు రావాలంటే మొదట్లోనే 19 గ్రాముల రొయ్యను, అంటే 21/25ను ఏరమని చెప్పాలి. ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కడినే. చెప్పలేదు.

ఈ రోజు అందరూ పనికి వచ్చారు. నా ముఖం ఎవరూ చూడలేదు. క్షమాపణ చెప్పాలని ఉంది. మా పై అధికారి మాత్రం, "రెండు రోజులు ఊరుకో, సర్దుకుంటుంది, మేనేజరు తల దించితే పని జరగదు" అన్నారు. ఎలా చెప్పాలి, ఎక్కడ చెప్పాలి?

కావలి చెరువు (సోమవారం, రాత్రి 10:15)

మీరు చెప్పే కౌంటు నాకు అర్థం కావడం లేదండీ. మా చెరువు దగ్గర 30 కౌంటు అంటే కిలోకు 30 రొయ్యలు, తలతో సహా. ఒక్కోటి 33 గ్రాములు. మీరు 16 గ్రాముల రొయ్యను 28 కౌంటు అంటున్నారు. మా సరుకు కొనేటప్పుడు మీ ప్లాంట్ల వాళ్లు ఈ తేడాతోనే మాకు ధర తగ్గిస్తున్నారా?

పెన్నా ఒడ్డు (సోమవారం, రాత్రి 10:30)

లేదండీ. మీ దగ్గర కొనేది కిలో లెక్కన, తలతోనే. మేము ఎగుమతికి పెట్టెలో పెట్టేటప్పుడు పౌండు లెక్క వస్తుంది, తల ఉండదు. రెండు లెక్కలూ వేరు. ధర గురించి వేరే చర్చ పెట్టండి, నాకు తెలిసినది తప్పక చెబుతాను.

గోదాము తాళం (సోమవారం, రాత్రి 11:05)

ఒంగోలులో ఒక గోదాము చూస్తాను, పాతిక మంది పని చేస్తారు. నా అనుభవంలో సరైన దారి ఒకటే. ఆమెను ఆఫీసు గదిలోకి పిలవండి, తలుపు వేసి, మనసులో మాట చెప్పండి. అక్కడితో అయిపోవాలి. నలభై మంది ముందు చెబితే రేపు మీరు న్యాయంగా గట్టిగా చెప్పినా ఎవరూ వినరు. చల్లని గదిలో చేతులు ఐసులో పెట్టుకుని పని చేసే జనం వాళ్లు, చిన్న పట్టు సడలినా లాటు లాటే పోతుంది.

పాత షిఫ్టు (మంగళవారం, ఉదయం 6:20)

స్పిన్నింగు మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరాలు పని చేశాను, అందులో ఇరవై రెండు సంవత్సరాలు షిఫ్టు చూశాను. అరిచినవాణ్ణి, అరుపులు తిన్నవాణ్ణి కూడా.

గోదాము తాళం గారూ, మీ మాటలో సగం సరైనది. ముందు ఆమెతో విడిగా మాట్లాడాలి. ఆమెను అడగకుండా అందరి ముందు ఆమె పేరెత్తకూడదు. కానీ అక్కడితో ఆపితే ఆ నలభై మందికి తెలిసేది ఏమిటి? శనివారం పెద్దక్క పని చెడగొట్టిందనే. మాట అందరి ముందు పోయింది, అందరి ముందే తిరిగి రావాలి. పట్టు సడలుతుందన్న మీ భయం నాకూ ఉండేది. నేను చూసినంతలో పట్టు సడలింది తప్పు ఒప్పుకున్నందుకు కాదు. తప్పు ఎవరిదో మిల్లంతటికీ తెలిసినా షిఫ్టు ఇన్‌ఛార్జి తెలియనట్టు తిరిగినప్పుడు సడలింది.

పెన్నా ఒడ్డు గారూ, మీ రాతలో నాకు కనిపించినవి మూడు తప్పులు. బోర్డు మీద సగం రాయడం ఒకటి. అది పని తప్పు, ఎవరికైనా జరుగుతుంది. ట్రే విసరడం, "రేపటి నుంచి రావద్దు" అనడం రెండవది. కూలి కోస్తాననడం మూడవది. చాలామంది మొదటిదాన్ని ఒప్పుకుని, ఆ ఒప్పుకోలు చాటున మిగతా రెండూ దాటేస్తారు. "బోర్డు తప్పు నాదే, అందుకే కొంచెం గట్టిగా మాట్లాడాను" అంటారు. ఆ మాటలో ఇంకొకటి కూడా దాగి ఉంది. తప్పు నిజంగా వాళ్లదే అయి ఉంటే ట్రే విసరడం న్యాయమే అన్నట్టు వినిపిస్తుంది. తప్పు వాళ్లదైనా విసరకూడదు. రెండూ విడదీసి చెప్పండి.

కంటైనరు గడువు, నిద్రలేమి, పైనుంచి ఒత్తిడి, ఇవన్నీ నిజమే అయి ఉంటాయి. అవి మీ పై అధికారికి చెప్పవలసినవి. వాళ్ల ముందు చెబితే సంజాయిషీ అవుతుంది. "ఎవరి మనసైనా నొచ్చుకుంటే" అని మొదలుపెట్టకండి. నొచ్చుకుందో లేదో మీకు తెలుసు. ఇక "మళ్లీ కోపగించుకోను" అని మాట ఇవ్వకండి. అది నిలవదు. వాళ్లు కళ్లతో చూసి నిలిచిందో లేదో చెప్పగలిగిన మాట ఏదైనా ఇవ్వండి.

కూలి సంగతి మాత్రం మాట్లాడే ముందే తేల్చండి. లెక్కల విభాగంలో ఆ 640 కిలోల పీలింగు కూలి పూర్తిగా పడేలా కాగితం రాయించి, ఆ తరువాత నోరు తెరవండి.

రాతి ధూళి (మంగళవారం, ఉదయం 8:10)

చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగు యంత్రం మీద పని చేస్తాను. మూడేళ్ల క్రితం పలక అంచు పగిలిందని మా మేనేజరు నన్ను మా నాన్న పేరుతో తిట్టాడు. మా నాన్న అదే ఊరి క్వారీలో పని చేసి పోయాడు. పలకలో ముందే సన్నటి పగులు ఉందని తరువాత తేలింది. మరుసటి రోజు మధ్యాహ్నం అందరికీ బిర్యానీ పొట్లాలు వచ్చాయి. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అందరూ తిన్నారు. నేను ఇంటికి తీసుకెళ్లాను, మా అమ్మ ఎక్కడిదని అడిగితే ఏమి చెప్పాలో తెలియలేదు.

ఆయన మంచివాడే. నా చెల్లి పెళ్లికి అడ్వాన్సు ఇచ్చాడు. కానీ ఆ ఒక్క మాట నేను ఇంకా వింటూనే ఉన్నాను. మీరు తినడానికి ఏమైనా పంచాలని అనుకుంటూ ఉంటే వద్దు. నోటితో చెప్పండి.

ఐసు నీళ్లు (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

ఆరేళ్లు అలాంటి హాలులో వలిచాను. ఇప్పుడు ఇందుకూరుపేట వైపు కుట్టుపని చేసుకుంటున్నాను. హాలు లోపలి సంగతి మీ మగవాళ్లకు తెలియదు, అందుకే రాస్తున్నాను.

అక్కడ తిట్టు తింటే ఏడవడానికి కూడా వీలుండదు. ముక్కుకూ నోటికీ మాస్కు, చేతులకు గ్లవ్సు. కన్నీళ్లు తుడుచుకుంటే మళ్లీ వెళ్లి చేతులు కడుక్కుని, క్లోరిను నీళ్లలో ముంచి రావాలి. ఆ కాసేపట్లో రెండు కిలోలు వెనకబడతాము. అందుకని మాస్కు లోపలే కారనిస్తాము.

ఒకసారి మా సూపర్‌వైజరు తిట్టిన అమ్మాయిని తరువాత అందరి ముందుకు పిలిచి నిలబెట్టి సారీ చెప్పాడు. ఆయన మనసు మంచిదే కావచ్చు. ఆమెకు అది రెండోసారి నిలబెట్టినట్టు అయింది. అందరూ ఆమెనే చూశారు, చప్పట్లు కూడా కొట్టారు. ఆమె "పరవాలేదు సార్" అనక తప్పలేదు. మీరు ఆమెను ముందుకు పిలవకండి. మీరే ఆమె ఉన్నచోటికి వెళ్లండి. క్షమించమని అడిగి జవాబు కోసం నిలబడకండి. మేనేజరు ఎదురుగా నిలబడి అడిగితే లేదనగలిగే కూలి మనిషి ఎవరు?

మరొకటి. పని వేళలో మీటింగు పెట్టకండి. కిలో లెక్కన వలిచేవాళ్లకు పది నిమిషాలంటే డబ్బు. పని అయ్యాక పెడితే ఊరి బస్సు పోతుంది.

ఎగుమతి మూట (మంగళవారం, మధ్యాహ్నం 3:00)

అసలు సమస్య కౌంటు కదా. వలిచిన తరువాత నానబెడితే బరువు తిరిగి వస్తుంది, 33 ఉన్నది 30కి దిగేది. మీరు అంత కంగారు పడవలసిన పనే లేదు.

పెన్నా ఒడ్డు (మంగళవారం, మధ్యాహ్నం 3:25)

ఈ కొనుగోలుదారు నానబెట్టవద్దని ఒప్పందంలోనే రాశాడు. బరువు పెంచి కౌంటు దించితే అది మోసం. ఆ లాటును 31/40గా మార్చి వేరే ఆర్డరుకు పెట్టాము. ధర తగ్గింది, సరుకు మాత్రం పోలేదు. ఆ కంటైనరు మరుసటి రోజు వెళ్లింది. శనివారం నేను అరిచినదంతా ఒక్క రోజు ఆలస్యం కోసమని ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు కుంచించుకుపోతోంది.

ఐసు నీళ్లు గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. బస్సు సంగతి నాకు తట్టనే లేదు.

పెన్నా ఒడ్డు (గురువారం, రాత్రి 10:20)

చెప్పాను. ఎలా జరిగిందో రాస్తున్నాను.

బుధవారం ఉదయం లెక్కల విభాగంలో కూలి కాగితం రాయించాను. మా పై అధికారి సంతకానికి ఒప్పుకోవడానికి గంట పట్టింది. బోర్డు ఫొటో చూపించాక చేశారు. తరువాత పెద్దక్క దగ్గరికి వెళ్లాను. ఆఫీసుకు పిలవలేదు. ఆమె బూట్లు కడుక్కునే చోట, ఎవరూ లేని సమయం చూసి చెప్పాను. "అమ్మా, శనివారం బోర్డు సగమే రాసింది నేను. మీరు చెప్పబోతే విననిది నేను. ట్రే విసరడం, రావద్దనడం, బోర్డు సరిగ్గా ఉన్నా తప్పే. రేపు అందరి ముందూ ఈ మాట చెప్పాలని ఉంది. మీ పేరు చెప్పవచ్చా?"

ఆమె చాలాసేపు బూట్లు కడుగుతూనే ఉంది. తరువాత, "నా పేరు వద్దు సార్. టేబుల్ వాళ్లందరినీ అన్నారు, అందరికీ చెప్పండి. బోర్డు సంగతి మాత్రం స్పష్టంగా చెప్పండి, నా కోడలు కూడా ఆ హాలులోనే వలుస్తోంది" అంది. ఆమె కోడలు అక్కడ ఉందని నాకు ఆ క్షణం వరకు తెలియదు.

ఈ రోజు ఉదయం టీ వేళ పావుగంట పెంచి, ఆ పావుగంటకు వలిచేవాళ్లకు నిన్నటి సగటు లెక్కన కూలి రాయించాను. హాలులో మాస్కు తీయకూడదు కనుక భోజనాల షెడ్డులో కలిశాము. ఒడిశా నుంచి వచ్చిన పదకొండు మంది అమ్మాయిలు ఉన్నారు. నా తెలుగు వాళ్లకు పూర్తిగా అందదు. శనివారం అరుపు మాత్రం బాగానే అందింది. వాళ్లలో తెలుగు వచ్చిన అమ్మాయిని ముందే అడిగాను, నేను ఆపిన చోటల్లా ఆమె ఒడియాలో చెప్పింది.

నేను చెప్పినది మూడు నిమిషాలు కూడా లేదు. బోర్డు ఫొటో చూపించి, ఇది నా రాత, మీరు చేసిన పని బోర్డు ప్రకారం సరైనది అన్నాను. ట్రే విసిరాను, ఉద్యోగం తీసేస్తానని బెదిరించాను, అది ఏ తప్పుకూ చేయకూడని పని అన్నాను. ఆ లాటు కూలి పూర్తిగా శనివారం చేతికి వస్తుందన్నాను. ఈ రోజు నుంచి బోర్డు మీద రెండు గడులు ఉంటాయి, ఒకటి పొట్టుతో కౌంటు, ఒకటి వలిచాక కౌంటు. రెండూ నిండి, కింద నా సంతకం ఉంటేనే టేబుల్ మొదలుపెట్టండి, లేకపోతే ఆపండి, ఆపినందుకు ఎవరినీ ఏమీ అనను. "నేను చేసినదానికి క్షమాపణ చెబుతున్నాను" అని ముగించి, ఎవరి జవాబూ అడగకుండా పక్కకు తప్పుకున్నాను.

ఎవరూ ఏమీ అనలేదు. టీ తాగి లోపలికి వెళ్లారు. ఒడియా చెప్పిన అమ్మాయి చివరలో ఏదో అంటే వాళ్లంతా నవ్వారు. ఏమిటని నేను అడగలేదు.

గోదాము తాళం (శుక్రవారం, ఉదయం 7:45)

మీరు బాగానే చేశారు. అయినా నా సందేహం పోలేదు. టేబుల్ ఆపే అధికారం వాళ్ల చేతికిస్తే, సీజనులో రోజుకు ఎన్ని టన్నులు వచ్చి ఐసులో ఎదురుచూస్తాయో మీకే తెలుసు. గడి నిండలేదని ప్రతిసారీ ఇరవై నిమిషాలు ఆగుతూ పోతే రొయ్య తాజాదనం తగ్గుతుంది. క్షమాపణ ఒకటి, పని పద్ధతి మార్చడం ఇంకొకటి. రెండూ కలిపేశారనిపిస్తోంది.

పాత షిఫ్టు (శుక్రవారం, ఉదయం 8:30)

గడి నింపడానికి ఇరవై సెకన్లు చాలు. ఇరవై నిమిషాలు పట్టిందంటే మేనేజరు అక్కడ లేడని అర్థం. అయినా సీజనులో రాత్రి షిఫ్టుకు ఆయన ఉండడు కదా, అప్పుడు సంతకం ఎవరిది? ఆ లోటును మీరు సరిగ్గానే పట్టుకున్నారు. పెన్నా ఒడ్డు గారు దానికి జవాబు ఆలోచించుకోవాలి.

పెన్నా ఒడ్డు (మూడు వారాల తరువాత, ఆదివారం)

గోదాము తాళం గారు అడిగినది నిజంగానే జరిగింది. రెండో వారంలో ఒక రాత్రి షిఫ్టు నా సంతకం కోసం ముప్పావు గంట ఆగింది. నేను ఫోను ఎత్తలేదు. ఇప్పుడు రాత్రి సంతకం నాణ్యత విభాగం వాళ్లది. అది సరిపోతుందో లేదో సీజను వస్తేగానీ తెలియదు.

పెద్దక్క నాతో పని మాటలు మాట్లాడుతోంది. పోయిన బుధవారం నేను గడులు నింపి వెళుతూ ఉంటే వెనక్కి పిలిచి, "సార్, రెండు గడుల్లో ఒకే కౌంటు రాశారు" అంది. నిజమే, రెండు చోట్లా 31/40 రాశాను. దిద్దాను. ఆమె అప్పుడు టేబుల్ మొదలుపెట్టింది. ఇంతకుముందు కూడా ఇలాంటివి ఆమెకు కనిపించి ఉంటాయి. చెప్పడానికి దారి లేదు.

ఒక విషయం మాత్రం మిగిలిపోయింది. ఆ శనివారం టేబుల్ చివర నిలబడిన ఒక చిన్న అమ్మాయి, చేరి రెండు నెలలే అయింది, సోమవారం నుంచి రాలేదు. అప్పుడు అందరూ వచ్చారని ఇక్కడ రాశాను. అది తప్పు, నేను తలలు లెక్క పెట్టలేదు. విడవలూరు దగ్గర ఊరు. ఫోను పని చేయడం లేదు. నా మాటల వల్లనా, ఇంట్లో కారణమా, ఎవరికీ తెలియదు. ఇంటికి వెళ్లి చెప్పాలా?

రాతి ధూళి (ఆదివారం, మధ్యాహ్నం 12:15)

వెళ్లండి. నా ఇంటికి ఎవరూ రాలేదు.

ఐసు నీళ్లు (ఆదివారం, మధ్యాహ్నం 2:40)

వెళ్లవద్దు. కంపెనీ కారు ఇంటి ముందు ఆగితే వీధంతా వస్తుంది, పిల్ల ఏమి చేసిందని తల్లిదండ్రులను అడుగుతారు. ఆమెకు కూలి ఏమైనా బాకీ ఉంటే అది పంపండి, తెలిసిన ఆడమనిషి చేత. మీరు షెడ్డులో చెప్పిన మాటలు ఆ మనిషి నోట ఆమెకు చేరతాయి. రావాలనిపిస్తే వస్తుంది.

పెన్నా ఒడ్డు (ఆదివారం, రాత్రి 9:05)

లెక్క చూశాను. ఆరు రోజుల కూలి బాకీ ఉంది. పెద్దక్కను అడిగితే, ఆ ఊళ్లో తన చెల్లెలు ఉందని, వచ్చే ఆదివారం వెళతానని చెప్పింది. డబ్బు కవరులో పెట్టి ఇచ్చాను. ఉత్తరం రాయమంటారా అని అడిగాను. "ఆ పిల్లకు చదువు రాదు సార్, నేను చెబుతాను" అంది.